కూరగాయల తొక్కలతో స్టాక్ చేస్తే చేదొచ్చింది, ఏ తొక్క వల్ల?

పులావ్_ప్రియ
వారం రోజులుగా కూరగాయల తొక్కలు, కాడలు ఫ్రీజర్‌లో ఒక డబ్బాలో వేస్తూ వచ్చాను. నిన్న అన్నీ కుక్కర్‌లో వేసి, మునిగేదాకా నీళ్లు పోసి, ఆరు విజిల్స్ వచ్చాక దించి వడకట్టాను. రంగు చాలా బాగుంది, ముదురు తేనె రంగు. చెంచాతో రుచి చూస్తే కాస్త చేదుగా అనిపించింది. పులావ్‌లో మసాలాలు పడతాయి కదా, తెలియదులే అని గ్లాసు బియ్యానికి రెండు గ్లాసులు పోసేశాను. పులావ్ మొత్తం చేదు. ఎవరూ రెండో ముద్ద తినలేదు.

డబ్బాలో ఉన్నవి ఇవి: ఉల్లిపాయల ఎండు పొట్టు రెండు గుప్పెళ్ల పైనే, క్యారెట్ చెక్కు, బీర పొట్టు, క్యాబేజీ మోడు, కొత్తిమీర కాడలు, మెంతికూర కాడలు, క్యాప్సికం లోపలి గింజల ముద్ద, టమాటా తొడిమ దగ్గరి ముక్కలు, పిండేసిన నిమ్మ చెక్కలు రెండు. నా అనుమానం ఉల్లి పొట్టు మీద. ఒక్కటి తీసేస్తే సరిపోతుందా, లేక ఈ డబ్బా పద్ధతే దండగా?

కారప్పొడి
మెంతి కాడలు. ఇంకేం వెతకక్కర్లేదు.

రాళ్లుప్పు
ఉల్లి పొట్టు అయ్యుండదండీ. హోటళ్లలో రంగు కోసం వేస్తూనే ఉంటారు. నిమ్మ చెక్కలు ఎందుకు వేశారు అసలు?

సన్నసెగ
ప్రియ గారూ, ముందు ఒక సంగతి చెప్పండి. గొంతు దగ్గర నిలిచిపోయే చేదా, నాలుక ఎండిపోయినట్టు పట్టేసే వగరా? రెండూ కలిసొస్తే మనం చేదనే అంటాం కానీ అవి వచ్చే తొక్కలు వేరు.

మీ జాబితాలో అసలైన చేదు ఇచ్చేవి మెంతి కాడలు, నిమ్మ చెక్కలు. మెంతికూరలో చేదు ఆకుకే పరిమితం కాదు, కాడలోనూ ఉంటుంది. నిమ్మ చెక్కలో పైనున్న పసుపు పొర మంచి వాసన ఇస్తుంది. దాని కింది తెల్ల పొర, లోపల మిగిలిపోయిన గింజలు చేదు ఇస్తాయి. నిమ్మతో చిక్కేమిటంటే ఆ చేదు వెంటనే బయటపడదు. పులుపులో, వేడిలో మెల్లగా తయారవుతుంది. పది నిమిషాలకి రుచి చూస్తే బాగానే ఉంటుంది, అరగంటకి మొహం తిప్పుకోవాల్సి వస్తుంది.

క్యాప్సికం గింజల ముద్దలో చేదు కొంచెమే, కానీ ఆ పచ్చి వాసన గిన్నెలో ఇంకేదీ తెలియనివ్వదు. ఉల్లి పొట్టు వగరు కోవలోది. తేనె రంగు దాని పుణ్యమే, నాలుక పట్టేయడమూ దాని పనే. లీటరు నీళ్లకి రెండు పెద్ద ఉల్లిపాయల పొట్టు దాటించకండి. క్యాబేజీ మోడుది చేదు కాదు, కంపు. బీర పొట్టు సంగతి మాత్రం కాయని బట్టి ఉంటుంది, దాని గురించి వేరే చెప్పాలి.

పులావ్‌లో అంత ఎక్కువ ఎందుకైందంటే, రెండు గ్లాసుల స్టాకూ బియ్యంలోకే పోయింది. నీళ్లు కొంత ఆవిరవుతాయి గానీ చేదు ఆవిరవదు. చెంచాలో కాస్త అనిపించిందంటే గిన్నెలో గట్టిగానే ఉంటుంది.

పులావ్_ప్రియ
@సన్నసెగ రెండూ ఉన్నాయండీ. ముందు నాలుక పట్టేసింది, మింగాక గొంతులో చేదు చాలాసేపు పోలేదు.

కారప్పొడి
గొంతులో నిలిచిందంటే మెంతి. చెప్పాగా.

మేడమీద_తోట
తొక్కల నీళ్లు చేదుగా ఉన్నా ఏం ఫర్వాలేదు, మూడు రోజులు నానబెట్టి, ఒకటికి పది పాళ్లు నీళ్లు కలిపి గులాబీలకి పోయండి. ఉడకబెట్టాల్సిన పని కూడా లేదు.

పాలమూరు_పిల్ల
@మేడమీద_తోట అన్నా, మొక్కలకు కాదు, మనుషులకే పోస్తున్నరు ఈడ 😄

మేడమీద_తోట
అయ్యో, ఇది వంటల విభాగమా. సరే, వడకట్టాక మిగిలిన పిప్పి ఉంటుంది కదా, అది కంపోస్టులో వేయండి. ఉప్పు, నూనె లేకుండా ఉడికించి ఉంటేనే.

రాళ్లుప్పు
చేదొచ్చిన స్టాక్ పారబోయక్కర్లేదు. ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి, ఒక బంగాళదుంప కోసి వేసి పావుగంట మరిగిస్తే దుంప చేదుని లాగేస్తుంది. తర్వాత దుంప తీసేయడమే.

సన్నసెగ
@రాళ్లుప్పు మొదటి సగం నిజం. ఉప్పు చిన్నపాటి చేదుని నాలుకకి తెలియకుండా చేస్తుంది, తీపి కూడా అంతే. అందుకే స్టాక్ రుచి ఉప్పు వేయకముందు చూడాలి, అదీ గోరువెచ్చగా అయ్యాక. పొగలు కక్కేటప్పుడు చూస్తే సగం రుచి తెలియదు.

దుంప మాట మాత్రం ఒప్పుకోను. దుంప తనలోకి కొంచెం నీళ్లు పీల్చుకుంటుంది, ఆ నీళ్లలోని చేదూ ఉప్పూ దాంతోపాటు పోతాయి. గిన్నెలో మిగిలిన నీళ్లలో చేదు ఎంత పాలు ఉందో అంతే ఉంటుంది. పైగా పిండి వదిలి స్టాక్ మసకబారుతుంది. వగరు ఉన్న స్టాక్‌కి నేను చెప్పేది, పులావ్‌లో కాకుండా పప్పులో వాడమని. కందిపప్పు ఉడికించే నీళ్లలో మూడో వంతు ఈ స్టాక్ పోస్తే వగరు అణిగిపోతుంది.

ఏం చేసినా బాగుచేయకూడని చేదు ఒకటుంది. అది బీర, సొర, దోస జాతి చేదు.

చెరువుగట్టు
బీర పొట్టుతో పచ్చడి చేసుకోని ఇల్లుందా? ఏనాడూ చేదు తగల్లేదు. ఇది మరీ భయపెట్టడం.

సన్నసెగ
@చెరువుగట్టు గారూ, పచ్చడి చేసేముందు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. కాయ కోయగానే చిన్న ముక్క కొరికి చూస్తారు కదా? చేదైతే కాయ అవతల పారేస్తారు. ఆ ఒక్క అలవాటు వల్లే పచ్చడిలో ఏనాడూ చేదు తగల్లేదు. డబ్బాలో తొక్కలు దాచేటప్పుడు ఆ పని మర్చిపోతాం. కాయ లోపలి కండ బాగానే ఉండి తొడిమ వైపు మాత్రం చేదున్న కాయలూ ఉంటాయి, ముఖ్యంగా దోసకాయల్లో. మనం డబ్బాలో వేసేది ఆ తొడిమ ముక్కే.

ల్యాబ్_కోటు
ఇది కాస్త గట్టిగా చెప్పాల్సిన విషయం. ఈ జాతి కాయల్లో చేదు ఇచ్చేవి కుకుర్బిటాసిన్లు. ఉడికిస్తే పోవు, ఉప్పుతో పోవు, గడ్డకట్టిస్తే పోవు. చేదు సొరకాయ రసం తాగి వాంతులు, రక్త విరేచనాలు అయినవాళ్లు, ప్రాణాలు పోయినవాళ్లు మన దేశంలో ఉన్నారు. ఐసీఎంఆర్ దీని మీద నిపుణుల కమిటీ వేసింది, వాళ్ల నివేదిక 2012లో అచ్చయింది. కోసిన ముక్క రుచి చూసి, చేదుంటే వాడొద్దనేదే అందులోనూ ప్రధానమైన సూచన.

కాబట్టి స్టాక్‌లో చేదు ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోతే, అందులో సొర, బీర, దోస తొక్కలు ఉంటే, బెల్లం వేసి సరిచేసుకోవడం మానేయండి. పారబోయండి.

పులావ్_ప్రియ
అమ్మో. నేను బీరకాయ కోసినప్పుడు రుచి చూశాను, కమ్మగానే ఉంది, కూర కూడా బాగుంది. కాబట్టి అది కాదనుకుంటా. ఎవరికీ కడుపులో ఏమీ అవలేదు.

రాళ్లుప్పు
@ల్యాబ్_కోటు ఇది నాకు తెలియదు. సొర తొక్క ఉన్న స్టాక్‌కి బెల్లం చిట్కా వర్తించదు, సరే. మెంతి చేదుకైతే ఇప్పటికీ బెల్లమే అంటాను.

మూడు_విజిల్స్
ఎవరూ అసలు విషయం పట్టించుకోవట్లేదు. ఆరు విజిల్స్! తొక్కలు ఎంత పల్చగా ఉంటాయి, వాటికి ఆరు విజిల్స్ ఎందుకు? కుక్కర్‌లో ఒక విజిల్ వచ్చాక మంట తగ్గించి పది నిమిషాలు, ఆపేసి ఆవిరి దానంతట అది పోయేదాకా వదిలేయాలి. అంతకుమించి అక్కర్లేదు.

ఇత్తడి_గిన్నె
కుక్కరే వద్దంటాను. మూతలేని గిన్నెలో చల్లటి నీళ్లతో మొదలుపెట్టి, సన్న సెగ మీద 40 నిమిషాలు. నీళ్లు తెర్లకూడదు, అంచుల్లో అక్కడక్కడ బుడగ రావాలి. మధ్యలో రుచి చూడ్డానికి వీలుంటుంది. 20 నిమిషాలకి ఒకసారి, 30కి ఒకసారి చూస్తే రుచి ఎక్కడ తిరగబడుతోందో దొరికిపోతుంది. మూత బిగించి కూర్చుంటే లోపల ఏం జరుగుతోందో ఏం తెలుస్తుంది?

మూడు_విజిల్స్
మూత లేకపోతే వాసనంతా వంటింట్లోకి పోతుంది, గిన్నెలో ఏం మిగులుతుంది?

సన్నసెగ
ఇద్దరి మాటలోనూ పట్టు ఉంది. క్యారెట్, ఉల్లి, టమాటా లాంటి వాటికి మూత మంచిదే, వాసన నిలుస్తుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, నూల్‌కోల్ ఉంటే మాత్రం మూత పనికిరాదు. వాటిలో గంధకం ఉన్న పదార్థాలు ఉడికేకొద్దీ విడిపోయి కుళ్లిన గుడ్డు వాసన ఇస్తాయి. క్యాబేజీ వేపుడు ఐదు నిమిషాల్లో దించితే తీయగా ఉంటుంది, అరగంట ఉడికిస్తే ఇల్లంతా కంపు. ఆ ఆవిరి బయటికి పోయే దారి కూడా లేకపోతే తిరిగి నీళ్లలోకే చేరుతుంది. అందుకే నేను ఆ జాతిని డబ్బాలోకే రానివ్వను. ఫ్రీజర్‌లో కూడా ఆ వాసన పక్కవాటికి అంటుకుంటుంది.

చెరువుగట్టు
క్యాబేజీ మోడు సన్నగా తరిగి పప్పులో వేసుకోవచ్చు. స్టాక్‌లో వేసి పాడు చేసుకోవడం ఎందుకు?

డల్లాస్_దోసె
ఇక్కడ మాకు లీక్స్ ఆకుపచ్చ కాడలు, సెలెరీ దొరుకుతాయి. లీక్స్ కాడలు స్టాక్‌కి చాలా బాగుంటాయి, పొరల మధ్య ఇసుక ఉంటుంది కాబట్టి విడదీసి కడగాలి. సెలెరీ కాడలు వేయొచ్చు, ఆకులు రెండు మూడు రెమ్మలు దాటితే చేదు. అక్కడ వాటి బదులు ఏం వాడతారు?

పాలమూరు_పిల్ల
ఉల్లికాడల ఆకుపచ్చ భాగం లీక్స్ బదులు మంచిగ పనిచేస్తది. కానీ అన్నిటికన్న మంచిది మొక్కజొన్న బెండు. గింజలు ఒలిచినంక మిగిలేది పారేస్తరు చాలామంది. రెండు బెండ్లు మూడేసి ముక్కలుగ విరిచి వేస్తే నీళ్లు తియ్యగ అయితయి, చేదు భయమే లేదు. ముదిరిపోయిన కంకైతే తీపి ఉండదు, లేతది కావాలె. పచ్చి బఠాణీ కాయల తొక్కలు కూడా అంతే, చలికాలంల దండిగ దొరుకుతయి.

డల్లాస్_దోసె
బెండు ఆలోచనే రాలేదు. ఈ వారం చూస్తాను.

కారప్పొడి
పుట్టగొడుగుల కాడలు మర్చిపోయారు అందరూ. నాన్‌వెజ్ లేని స్టాక్‌కి చిక్కదనం అవే ఇస్తాయి. టమాటా ముక్కలు, పుట్టగొడుగు కాడలు కలిస్తే ఇంక వేరే ఏదీ అక్కర్లేదు.

పులావ్_ప్రియ
ఇంతకీ నా డబ్బాలో ఎవరు తప్పో తేల్చేదెలా? ఇంకో డబ్బా నిండుతోంది. మెంతి కాడలు, నిమ్మ చెక్కలు ఇందులో వేయలేదు. మిగతావన్నీ విడివిడి కవర్లలో ఉన్నాయి.

సన్నసెగ
విడివిడిగా ఉంటే తేలికే. ఒక్కో రకానికి ఒక గ్లాసు పెట్టుకోండి. తొక్కల్ని చిన్నగా తరిగి గ్లాసుకి రెండు చెంచాలు వేయండి, ఉల్లి పొట్టైతే ఒకే ఉల్లిపాయది. మరుగుతున్న నీళ్లు అర గ్లాసు పోసి మూత పెట్టండి. పావుగంట ఆగి, గోరువెచ్చగా అయ్యాక ఒక్కొక్కటీ చెంచాడు నోట్లో వేసుకుని పుక్కిలించి ఉమ్మేయండి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మంచినీళ్లు. బీర పొట్టుని మాత్రం ఇలా నానబెట్టక ముందే పచ్చిగా నాలుకకి తాకించి చూడండి, చేదుంటే అక్కడితో ఆపేయండి.

నిమ్మ చేదు ఈ పరీక్షలో పూర్తిగా పట్టుబడదు, ఆలస్యంగా వస్తుందని చెప్పాను కదా. మిగతావి పట్టుబడతాయి.

ఇత్తడి_గిన్నె
ఈ గ్లాసుల పద్ధతి బాగుంది. పావుగంటకి చేదుగా ఉన్న తొక్క 40 నిమిషాలకి ఎలాగూ చేదే.

పులావ్_ప్రియ
చేసి చూశాను. బీర పొట్టు పచ్చిగా కమ్మగానే ఉంది, నీళ్లు లేత బీరకాయ కూర వాసన. టమాటా బాగుంది. కొత్తిమీర కాడలు చాలా బాగున్నాయి. ఒక ఉల్లిపాయ పొట్టు వేసిన గ్లాసు రంగు ముదిరింది, నాలుక కొద్దిగా పట్టింది, భరించలేనంత కాదు. క్యాప్సికం చేదు కన్నా పచ్చి వాసన ఎక్కువ, తీసి పక్కన పెట్టాను.

ఆశ్చర్యం ఏంటంటే క్యారెట్ చెక్కు! స్పష్టంగా చేదు. మందు మాత్ర నోట్లో కరిగినట్టు. క్యారెట్ లోపలి ముక్క తింటే తీపిగానే ఉంది.

కారప్పొడి
క్యారెట్ చేదా? తలకాయ దగ్గర ఆకుపచ్చ భాగం వేసి ఉంటారు.

పులావ్_ప్రియ
లేదండీ, ఆకుపచ్చ భాగం కోసి పారేశాను. చెక్కు మాత్రమే.

ల్యాబ్_కోటు
క్యారెట్లు ఫ్రిజ్‌లో దేని పక్కన పెట్టారు? యాపిల్స్, మామిడిపళ్లు, అరటిపళ్లు, బాగా పండిన టమాటాలు ఏమైనా ఉన్నాయా?

పులావ్_ప్రియ
ఒకే సొరుగులో యాపిల్స్, క్యారెట్లు. రెండు వారాలుగా అలాగే ఉన్నాయి.

ల్యాబ్_కోటు
అదీ సంగతి. పండే పళ్లు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. క్యారెట్‌కి ఆ గాలి తగిలితే ఐసోకూమరిన్ అనే చేదు పదార్థాన్ని తయారు చేసుకుంటుంది, అది ఎక్కువగా పై చెక్కులోనే పోగవుతుంది. చెక్కు తీసేసి తింటే తీపిగానే ఉంటుంది కాబట్టి కూరలో తెలియదు. స్టాక్‌కి మాత్రం మనం దాచేది సరిగ్గా ఆ చెక్కునే.

యాపిల్స్‌కి వేరే సొరుగు ఇవ్వండి, లేదా క్యారెట్లని మూసిన కవర్‌లో పెట్టండి. ఒకసారి చేదెక్కిన క్యారెట్ మళ్లీ మామూలవదు. ఇది సొరకాయ చేదు లాంటిది కాదు, ప్రమాదమేమీ లేదు, రుచి చెడడమే.

చెరువుగట్టు
ఇదెప్పుడూ వినలేదు. క్యారెట్ చెక్కు అన్నిటికన్నా నమ్మకమైనదని అందరూ చెబుతుంటే!

సన్నసెగ
@ల్యాబ్_కోటు మంచి మాట పట్టుకున్నారు. నేను క్యారెట్‌ని అనుమానించనే లేదు. అయితే ప్రియ గారూ, మీ మొదటి స్టాక్‌లో చేదుకి మెంతి, నిమ్మ, క్యారెట్ మూడూ కారణమే, వగరుకి ఉల్లి పొట్టు. క్యాబేజీ కంపు వీటి కింద మరుగున పడిపోయి ఉంటుంది.

కారప్పొడి
మెంతి అని ముందే చెప్పాను 🙂

పులావ్_ప్రియ
సరే, ఇప్పుడు లెక్క చెప్పండి. లీటరు స్టాక్ కావాలంటే ఏది ఎంత?

సన్నసెగ
తూకంలో అయితే అర కిలో తొక్కలకి లీటరుంపావు నీళ్లు. తొక్కలు మునిగి పైన అంగుళం నీళ్లుంటే చాలు, ఇంకా పోస్తే పల్చబడుతుంది. ఉడికి, వడకట్టాక లీటరుకి కాస్త తక్కువే వస్తుంది.

ఆ అర కిలోలో సగం దాకా ఉల్లి, ఉల్లికాడలు, మొక్కజొన్న బెండ్లు ఉండనివ్వండి. ఉల్లి అంటే తల, తోక కోసిన ముక్కలు, లోపలి దళసరి పొరలు. ఎండు పొట్టు రెండు ఉల్లిపాయలది వేయండి, రంగుకి అది చాలు. పొట్టు కింద నల్లటి బూజు మసి ఉంటే ఆ పొర మొత్తం పారేయండి, మట్టి వాసన వస్తుంది. వేళ్లున్న అడుగు ముక్క కోసేయండి, ఎంత కడిగినా మట్టి వదలదు. తర్వాత మంచి క్యారెట్ చెక్కు ఒక గుప్పెడు, టమాటా ముక్కలు ఒక గుప్పెడు, పుట్టగొడుగుల కాడలుంటే ఇంకో గుప్పెడు. వెల్లుల్లి నాలుగు రెబ్బలు పొట్టుతో చితక్కొట్టి, అల్లం చెక్కు ఒక చెంచా, మిరియాలు ఆరు. ఉప్పు వద్దు.

కొత్తిమీర కాడలు మాత్రం ఆఖరి పది నిమిషాల్లో. ముందే వేస్తే వాసన పోయి గడ్డి రుచి మిగులుతుంది. వేళ్లతో సహా ఉంటే వేళ్లు బాగా తోమి కడిగి మొదట్లోనే వేయొచ్చు.

రాళ్లుప్పు
ముందు నూనెలో వేయించొద్దా? అప్పుడే కదా కమ్మదనం.

సన్నసెగ
వేయించొచ్చు. చెంచా నూనెలో ఉల్లి, క్యారెట్ ఐదారు నిమిషాలు, అంచులు బంగారు రంగు వచ్చేదాకా. ఫ్రీజర్‌లోంచి తీసినవి నీళ్లు వదులుతాయి కాబట్టి ఆ నీళ్లు ఇగిరాకే వేగడం మొదలవుతుంది. ఎండు పొట్టు, వెల్లుల్లి ఈ వేపుడులో పడకూడదు. పొట్టు క్షణాల్లో మాడుతుంది, వెల్లుల్లి ఎర్రబడితే చేదు. ఆ రెండూ నీళ్లు పోశాకే. చారుకైతే వేయించకుండా చేసిన తేటే బాగుంటుంది, పులావ్‌కి వేయించింది.

ఇత్తడి_గిన్నె
ఉడికాక గరిటెతో నొక్కి పిండకండి. జల్లెడలో పోసి దానంతట అది కారనివ్వాలి. నొక్కితే మడ్డి దిగుతుంది, దాంతోపాటు తొక్కలో మిగిలిన వగరూ దిగుతుంది. పిప్పిని గిన్నెలోనే వదిలేసి చల్లార్చడం కూడా వద్దు, 40 నిమిషాలవగానే వడకట్టేయాలి.

మూడు_విజిల్స్
కుక్కర్ ఆవిరి పోయేదాకా ఆగితే మరి?

ఇత్తడి_గిన్నె
అందుకే కుక్కర్ వద్దన్నాను.

మూడు_విజిల్స్
చేదు తొక్కలు లేకపోతే ఆగినా ఏమీ కాదు. కుక్కర్‌లో గ్యాస్ ఎంత మిగులుతుందో కూడా చూడాలి కదా.

పాలమూరు_పిల్ల
ఆలుగడ్డ పొట్టు, బీట్‌రూట్ పొట్టు, వంకాయ తొడిమెలు, అరటికాయ తొక్క, వీటి ముచ్చటేంది? ఎవరూ చెప్తలేరు.

సన్నసెగ
బంగాళదుంప చెక్కు స్టాక్‌ని చిక్కటి మసక చేస్తుంది, రుచి మట్టి మట్టిగా ఉంటుంది. ఆకుపచ్చగా మారినదైతే, మొలకలు వచ్చినదైతే అసలు వాడకండి, అందులోని సోలనిన్ ఉడికించినా పోదు. బీట్‌రూట్ రంగు, మట్టి వాసన రెండూ మిగతావాటిని కప్పేస్తాయి. అరటికాయ తొక్క, వంకాయ తొడిమలు వగరు, నీళ్లు నల్లబడతాయి. కాకర సంగతి చెప్పక్కర్లేదు.

చెరువుగట్టు
అరటికాయ తొక్క వేపుడు చేసుకోవచ్చు కదా.

డల్లాస్_దోసె
తొక్కల మీద మందులు కొడతారు కదా, ఇన్ని తొక్కలు మరిగించి తాగడం మంచిదేనా?

ల్యాబ్_కోటు
కడగడంతో పైపైన ఉన్నది చాలావరకు పోతుంది, తొక్కలోకి ఇంకిపోయినది పోదు. మైనం పూసిన కీరా, యాపిల్ తొక్కలు వేయకండి. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే చెక్కు తీశాక తొక్కని కడగడం. కూరగాయని ముందే బ్రష్‌తో రుద్ది, ధార కింద కడిగి, ఆరాక చెక్కు తీయాలి. తడి తొక్కలు ఫ్రీజర్‌లో ఒకే గడ్డగా అతుక్కుపోవు కూడా.

మూడు_విజిల్స్
@ల్యాబ్_కోటు ఆరిన తొక్కలు అతుక్కోవు అనా మీ ఉద్దేశం?

ల్యాబ్_కోటు
అవును, ఆరినవే. తడివి గడ్డకడతాయి.

పులావ్_ప్రియ
సన్నసెగ గారు చెప్పిన కొలతల్లో సగం చేశాను, కుక్కర్ లేకుండా. పాత క్యారెట్ల బదులు కొత్తవి కొన్నాను. పుట్టగొడుగులు లేవు. 20 నిమిషాలకి తీపిగా ఉంది, 40కి చేదు లేదు. ఒక ఉల్లిపాయ పొట్టే వేశాను కాబట్టి రంగు లేతగా వచ్చింది. పులావ్ బాగుంది, కానీ ఇంకొంచెం రుచి ఉంటే బాగుండనిపించింది.

కారప్పొడి
పుట్టగొడుగు కాడలు లేకపోతే అంతే.

ఇత్తడి_గిన్నె
వడకట్టాక మూత లేకుండా ఇంకో పావుగంట మరిగించి మూడు వంతులకి దించండి, చిక్కబడుతుంది. చేదు ఏమాత్రం లేదని తేలిన స్టాక్‌కే ఈ పని, ఉంటే అదీ చిక్కబడుతుంది.

రాళ్లుప్పు
రంగు కోసం ఇంకో ఉల్లి పొట్టు వేస్తే ఏమవుతుంది? రెండింటిదాకా పర్లేదన్నారుగా. నేను లీటరుకి నాలుగు ఉల్లిపాయల పొట్టు వేస్తాను, నాకు వగరు తెలియదు.

సన్నసెగ
ఆవిడ చేసింది అర లీటరు, రాళ్లుప్పు గారూ. ఒకటే సరిపోతుంది. నాలుగు నాకు ఎక్కువే.

రాళ్లుప్పు
తెల్ల ఉల్లిపాయలా, ఎర్రవా అన్నదాన్ని బట్టి కూడా ఉంటుందేమో.

పులావ్_ప్రియ
మిగిలింది ఐస్ ట్రేలో పోసి పెట్టాను. ఫ్రిజ్‌లో పెట్టిన గ్లాసుడు ఎన్నాళ్లుంటుంది?

ఇత్తడి_గిన్నె
వడకట్టగానే గిన్నెని చల్లటి నీళ్ల బేసిన్‌లో పెట్టి చల్లార్చి, వెంటనే ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు. బయట రాత్రంతా ఉంచినదైతే వాడకండి. ట్రేలోవి గడ్డకట్టాక కవర్‌లోకి మార్చండి, లేకపోతే ఫ్రీజర్ వాసన పడతాయి. రెండు మూడు నెలల్లో వాడేయండి.

పాలమూరు_పిల్ల
ఒక ట్రే ముక్క ఉప్మా నీళ్లల్ల వేసి చూడు అక్కా.